కోణం సరే, విలువ ఎందుకు తప్పింది? డిగ్రీలు, రేడియన్లు, యూనిట్ వృత్తం: సమస్య - పరిష్కారం

ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలకు సాయంత్రాలు లెక్కలు చెబుతుంటాను. పదో తరగతి దాకా కోణమంటే వాళ్లకు డిగ్రీలే. ఇంటర్‌లో ఒక్కసారిగా π వచ్చి కూర్చుంటుంది, అక్కడి నుంచి టెన్షన్ మొదలవుతుంది. ఏళ్ల తరబడి దిద్దిన నోటు పుస్తకాల్లో నాకు మళ్లీ మళ్లీ కనిపించిన తప్పులివి.

కాలిక్యులేటర్‌లో sin 30 కొడితే −0.988 వస్తోంది

కాలిక్యులేటర్ చెడిపోలేదు, రేడియన్ మోడ్‌లో ఉంది. మీరు 30 డిగ్రీలు అనుకున్నారు, అది 30 రేడియన్లు అనుకుంది. 30 రేడియన్లంటే వృత్తం చుట్టూ నాలుగు పూర్తి చుట్లు తిరిగి, ఇంకా 279° దగ్గర దాకా వెళ్లడం. ఆ చోటు దాదాపు వృత్తం అట్టడుగు. అందుకే సైన్ −1కి అంత దగ్గరగా వచ్చింది.

స్క్రీన్ పైన చిన్న అక్షరం చూడండి. D ఉంటే డిగ్రీలు, R ఉంటే రేడియన్లు. G కూడా ఉంటుంది, అది లంబకోణాన్ని 100 భాగాలు చేసే వేరే కొలత. అందులో sin 30 కొడితే 0.454 వస్తుంది. ఈ జవాబు చూడటానికి నమ్మేలా ఉంటుంది కాబట్టి R కన్నా G ప్రమాదం. లెక్క మొదలుపెట్టే ముందు sin 90 కొట్టి చూడటం మంచి అలవాటు. సరిగ్గా 1 వస్తేనే డిగ్రీల్లో ఉన్నట్టు.

ప్రోగ్రామింగ్‌లోనూ ఇదే తంటా. పైథాన్ కోణాన్ని రేడియన్లలోనే తీసుకుంటుంది:

```python
import math
math.sin(30)                # -0.9880316240928618
math.sin(math.radians(30))  # 0.49999999999999994
```

రెండో జవాబులో ఆ కొసరు తేడా మీ తప్పు కాదు. π విలువను కంప్యూటర్ కొన్ని అంకెల దగ్గర ఆపేస్తుంది కాబట్టి అలా వస్తుంది. కచ్చితమైన విలువ 1/2.

డిగ్రీలను రేడియన్లలోకి మారిస్తే వేలల్లో జవాబు వస్తోంది

π/180తో గుణించాల్సిన చోట 180/πతో గుణించారు. సూత్రాన్ని బట్టీ పడితే ఏది పైన, ఏది కింద అన్నది పరీక్ష హాల్లో గుర్తు రాదు. రేడియన్ అంటే ఏమిటో కళ్ల ముందు ఉంచుకుంటే ఈ తప్పు జరగదు. వృత్తం వ్యాసార్థమంత దారం తీసుకుని, దాన్ని అంచు వెంబడి పరచండి. ఆ చాపం కేంద్రం దగ్గర చేసే కోణమే ఒక రేడియన్. అది 57° కన్నా కాస్త ఎక్కువ. సగం వృత్తానికి అలాంటివి π పడతాయి, అంటే మూడుకు పైచిలుకు. కాబట్టి ఒకే కోణానికి రేడియన్ల సంఖ్య ఎప్పుడూ చిన్నది.

150° తీసుకోండి. అందులో 57లు రెండున్నర దాకా ఉంటాయని ముందే అంచనా వేసుకోవాలి. ఇప్పుడు 150 × π/180 = 5π/6. 5 × 3.14ని 6తో భాగిస్తే 2.6 వస్తుంది. అంచనాకు సరిపోయింది.

తిరిగి డిగ్రీల్లోకి రావాలంటే π ఉన్న చోట 180° వేస్తే చాలు. అయితే ఇక్కడ ఇంకో గొయ్యి ఉంది. cos 2 అని ప్రశ్నలో ఉంటే, డిగ్రీ గుర్తు లేదు కాబట్టి అది 2 రేడియన్లు, అంటే సుమారు 114.6°. రెండో పాదం, కాబట్టి cos 2 రుణాత్మకం. π కనబడలేదని దాన్ని 2°గా తీసుకుంటే జవాబు గుర్తే మారిపోతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలనిపిస్తుంది. 499లో ఆర్యభటుడు తన జ్యా పట్టికకు, అంటే సైన్ల పట్టికకు, వ్యాసార్థంగా 3438 తీసుకున్నాడు. డిగ్రీకి 60 నిమిషాల చొప్పున వృత్తం చుట్టుకొలతను 21,600 నిమిషాలుగా ఉంచితే వ్యాసార్థం దాదాపు అంతే వస్తుంది. ఒక రేడియన్‌లో ఉన్న నిమిషాలు కూడా అవే. అంచునూ వ్యాసార్థాన్నీ ఒకే కొలతలో కొలవాలన్న ఆలోచన అక్కడే ఉంది. ఆ పట్టికలో 30°కి ఉన్న విలువ 1719, అంటే 3438లో సరిగ్గా సగం.

1/2, √3/2 తారుమారవుతున్నాయి

విలువలు గుర్తున్నాయి, ఏది దేనిదో గుర్తులేదు. యూనిట్ వృత్తానికి వ్యాసార్థం 1, దాని మీద బిందువు నిరూపకాలు (cos θ, sin θ). అడ్డంగా ఎంత వెళ్లామన్నది కొసైన్, నిలువుగా ఎంత ఎక్కామన్నది సైన్. 30° దగ్గర బిందువు నేలకు దగ్గరగా ఉంటుంది. ఎక్కింది తక్కువ, కాబట్టి సైన్ చిన్నది, 1/2. వెళ్లింది ఎక్కువ, కాబట్టి కొసైన్ పెద్దది, √3/2. 60° దగ్గర ఇది తిరగబడుతుంది, 45° దగ్గర రెండూ సమానమై √2/2 అవుతాయి.

సగమే ఎందుకు? ఆ బిందువుకు ఎక్స్-అక్షం కింద అద్దంలో లాగా ఇంకో బిందువు పెట్టి, రెండింటినీ కేంద్రంతో కలపండి. భుజం 1గా సమబాహు త్రిభుజం వస్తుంది. నిలువు భుజంలో పై సగమే మన సైన్.

మొదటి పాదం దాటితే తప్పు

మొన్న ఒక అమ్మాయి 4π/3 దగ్గర sin = −1/2, cos = −√3/2 అని రాసి తెచ్చింది. "సార్, ఆల్ సిల్వర్ టీ కప్స్ ప్రకారం మూడో పాదంలో రెండూ మైనస్సే కదా, ఎందుకు కొట్టేశారు?" అంది. ఏ పాదంలో ఏవి ప్లస్సో గుర్తుపెట్టుకునే వాక్యం అది, దాని ప్రకారం గుర్తులు సరైనవే. మరి విలువలు ఎలా వచ్చాయమ్మా అని అడిగితే, 270 − 240 = 30 అంది. తప్పు అక్కడుంది. ఆ 30° నిలువు అక్షం నుంచి కొలిచిన కోణం. నిలువు అక్షం నుంచి కొలిస్తే సైన్ కొసైన్‌గా, కొసైన్ సైన్‌గా మారాలి. అది వదిలేసి 30° విలువలు అలాగే రాసేసింది.

ఎప్పుడూ అడ్డ అక్షం నుంచే కొలవండి, ఆ మార్పు గొడవే ఉండదు. 240 − 180 = 60. 60° విలువలకు మూడో పాదం గుర్తులు పెడితే cos = −1/2, sin = −√3/2. బొమ్మ గీస్తే ఇది కళ్లకే తెలుస్తుంది, 240° దగ్గర బిందువు పక్కకన్నా కిందికే ఎక్కువ జరిగి ఉంటుంది.

−19π/6 లాంటి కోణం చూస్తే చేయి ఆడటం లేదు

పూర్తి చుట్టు 2π. దాన్ని ఎన్నిసార్లు కలిపినా, తీసేసినా బిందువు కదలదు. హారం 6 కాబట్టి ఒక చుట్టును 12π/6గా రాసుకోండి. −19కి రెండు చుట్లు, అంటే 24, కలిపితే 5. అంటే 5π/6, మన పాత 150°. అడ్డ అక్షానికి 30° దూరం, రెండో పాదం. sin = 1/2, cos = −√3/2.

ఇక్కడ చాలామంది 18π/6 కలిపి −π/6 దగ్గర ఆగుతారు, లెక్క తేలికగా కనిపిస్తుంది కాబట్టి. కానీ 18π/6 అంటే 3π, ఒకటిన్నర చుట్టు. బిందువు వృత్తానికి అవతలి వైపు వెళ్లిపోతుంది, రెండు గుర్తులూ తిరగబడతాయి.

జవాబు వచ్చాక రెండు విలువలను వర్గం చేసి కూడి చూడండి, 1 రావాలి. 1/2 పక్కన √2/2 రాసినట్టయితే ఇది వెంటనే పట్టేస్తుంది. గుర్తు తప్పితే మాత్రం పట్టదు, సైన్ కొసైన్ తారుమారైనా పట్టదు. ఆ రెండింటికీ పేజీ అంచున చిన్న వృత్తం గీసి, బిందువు ఎక్కడుందో చుక్క పెట్టాల్సిందే.