బరువు లెక్కలు – 3వ పాఠం: కాలిన చెనక్కాయ, కదలని ముల్లు

పోయిన పాఠంలో రోజూ పొద్దున లేచి, బాత్రూంకి వెళ్ళొచ్చాక, కాఫీ కూడా తాగకముందే బరువు చూసుకుని నోటుబుక్కులో రాయమన్నాను. రెండు వారాలుగా రాస్తున్నవాళ్ళు ఆ పుస్తకం దగ్గర పెట్టుకోండి. రాయనివాళ్ళు మా వదిన అంకెలతో సర్దుకోండి. ఆమె చిత్తూరులో ఉంటుంది, నేను తిరుపతిలో. తన నోటుబుక్కు ఫొటోలు వారం వారం నాకు పంపింది కాబట్టి, తిండి తగ్గించినా బరువు తగ్గడం మధ్యలో ఎందుకు ఆగిపోతుందో చెప్పే ఈ పాఠం కుదిరింది.

దానికి ముందు కేలరీ అంటే ఏమిటో తెలియాలి కాబట్టి ఒక చెనక్కాయను కాలుద్దాం. నేను తొమ్మిదో తరగతి పిల్లలకు ఏటా చేసి చూపించే పనే ఇది. పొట్టు తీసిన వేరుశనగ గింజ ఒకటి తీసుకోండి. ఓ అర గ్రాము ఉంటుంది. ఒక సూదిని బంగాళదుంప ముక్కలో నిలబెట్టి, దాని మొనకు గింజను గుచ్చండి. పైన స్టాండుకు పలచటి రేకు డబ్బా కట్టి అందులో 100 మిల్లీలీటర్ల నీళ్ళు పోయండి. థర్మామీటరు పెట్టి చూస్తే మా ఊళ్ళో మామూలుగా 28 డిగ్రీలు ఉంటుంది. గింజను అంటించండి. మొదట బెట్టు చేస్తుంది, నూనె ఊరడం మొదలయ్యాక మాత్రం చిన్న దీపంలా రెండు మూడు నిమిషాలు కాలుతుంది. డబ్బా అడుగు నల్లబడుతుంది, క్లాసంతా వేపుడు వాసన. పోయినసారి నీళ్ళు 39 దగ్గర ఆగాయి.

ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి పట్టే వేడిని కేలరీ అంటారు. అంతే. అది పదార్థం కాదు, కొవ్వు కాదు, వేడికి కొలత. మన 100 గ్రాముల నీళ్ళు 11 డిగ్రీలు ఎక్కాయి కాబట్టి 1100 కేలరీలు. తిండి విషయంలో ఈ కొలత మరీ చిన్నది. అందుకని వెయ్యింటిని ఒకటిగా కట్టి కిలో కేలరీ అంటారు. బిస్కెట్ ప్యాకెట్ మీద ఉండేదీ, మనం నోటితో కేలరీ అనేదీ ఇదే. అంటే మన గింజ 1.1 కేలరీలు ఇచ్చింది. పుస్తకం ప్రకారం అర గ్రాము వేరుశనగలో దాదాపు 2.8 ఉండాలి. మిగతాది ఎక్కడికి పోయింది? డబ్బా పక్కనుంచి గాలిలోకి పోయింది, డబ్బానే వేడెక్కించింది, కొంత మసిగా మిగిలింది. ప్రయోగశాలలో అయితే గట్టి ఉక్కు గిన్నెలో ఒత్తిడి పెట్టిన ఆక్సిజన్ నింపి, ఆ గిన్నెను నీళ్ళలో ముంచి కాలుస్తారు. అక్కడ వేడి తప్పించుకోదు.

ఒంట్లో మంట ఉండదు గానీ లెక్క ఇదే. కాకపోతే ఒళ్ళు కూడా మన రేకు డబ్బాలాగే అంతా పట్టుకోలేదు. పప్పు, గుడ్డులో ఉండే ప్రొటీన్‌ను ఉక్కు గిన్నెలో కాలిస్తే వచ్చే వేడి ఎక్కువ. ఒంట్లో మాత్రం అందులో కొంత యూరియాగా మారి మూత్రంలో పోతుంది. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో ఆట్‌వాటర్ అనే రసాయన శాస్త్రవేత్త ఇలాంటి నష్టాలన్నీ తీసేసి, గ్రాము ప్రొటీన్‌కు 4, పిండి పదార్థానికి 4, కొవ్వుకు 9 అని సగటు కట్టాడు. నేటికీ ప్యాకెట్ల మీద అంకెలు ఎక్కువగా ఆ దారిలో వచ్చేవే. సగటు అన్న మాట గుర్తుపెట్టుకోండి. చెనక్కాయలు నమిలి తింటే కొంత కొవ్వు అరగకుండానే బయటికి పోతుంది. అదే చెనక్కాయలను నూనెగా పోసుకుంటే దాదాపు ఏదీ పోదు. ఊరిబిండి మెత్తగా నూరారా, కచ్చాపచ్చాగా నూరారా అన్నదానికి కూడా ఎంతో కొంత తేడా ఉంటుందన్నమాట.

ఇప్పుడు వదిన పుస్తకం తెరుద్దాం. వయసు 44, ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 76 కిలోలు. ఏమీ చేయకుండా పడుకున్నా గుండె, ఊపిరి, మెదడు, కాలేయం నడవడానికి రోజుకు ఎంత కావాలో ఆడవాళ్ళకు ఇలా అంచనా వేస్తారు:

10 × బరువు + 6.25 × ఎత్తు − 5 × వయసు − 161

760 + 975 − 220 − 161. అంటే 1354. మగవాళ్ళయితే చివర 161 తీసేసే బదులు 5 కలపాలి. ఇంటి పని, బజారుకు నడక కలుపుకోవడానికి దీన్ని 1.45తో హెచ్చిస్తే సుమారు 1960 వస్తుంది. ఏడాదిగా ఆమె బరువు మారలేదు కాబట్టి తినేదీ సుమారు అంతే అనుకోవాలి.

వదిన ఏం చేసిందంటే, రాత్రి భోజనం మొత్తం మానేసింది. రోజుకు ఓ 500 కేలరీల కోత. వారానికి ముల్లు 76 నుంచి 74.1కి దిగింది. నాకు ఫోన్ చేసి, "వారానికి రెండు కిలోలప్పా, రెండు నెలల్లో 60కి వచ్చేస్తా" అంది. నేను లెక్క చెబుదామనుకుని, ఆ సంతోషం చూసి ఊరుకున్నాను. అది నా తప్పే.

కిలో ఒంటి కొవ్వులో సుమారు 7700 కేలరీలు ఉంటాయి. రోజుకు 500 చొప్పున వారానికి 3500. దాన్ని 7700తో భాగిస్తే 450 గ్రాములు. మరి 1900 గ్రాములు ఎలా తగ్గాయి? తిండి తగ్గగానే ఒళ్ళు ముందు తన గ్లైకోజెన్ నిల్వ వాడుకుంటుంది. కాలేయంలో, కండల్లో దాచుకున్న పిండి పదార్థం అది. గ్రాము గ్లైకోజెన్‌ను మూడు గ్రాముల నీళ్ళు అంటిపెట్టుకుని ఉంటాయి. ఓ 300 గ్రాములు ఖర్చయితే 900 గ్రాముల నీళ్ళూ దాంతో పోతాయి. తినే ఉప్పు తగ్గింది, పేగుల్లో ఉండే తిండి తగ్గింది. మొదటి వారం కాటా చూపించింది ఎక్కువగా ఈ నీళ్ళ లెక్కే.

నాలుగో వారం సగటు 72.9. ఆరో వారం 72.6. ఏడు, ఎనిమిది వారాల్లో 72.5, 72.5. వదినకు టెన్షన్ మొదలైంది. మధ్యాహ్నం అన్నం కూడా సగం చేస్తానంది. ఈసారి నోరు మెదిపాను. ఒక ఆదివారం చిత్తూరు వెళ్ళి, పొద్దున్నించి రాత్రిదాకా ఇంట్లో కూర్చుని చూశాను. ఆ 500 ఎక్కడ కరిగిపోయిందో అప్పుడు తెలిసింది.

మొదటిది, ఒళ్ళు మూడున్నర కిలోలు చిన్నదైంది. పై సూత్రంలో బరువు మార్చి, 1.45తో హెచ్చించి చూడండి, రోజుకు ఓ 50 తక్కువ చాలుతుంది. రెండోది, తిన్నది అరిగించుకోవడానికే తిన్నదాంట్లో సుమారు పదో వంతు ఖర్చవుతుంది. 500 తక్కువ తింటే ఆ 50 ఖర్చు కూడా ఉండదు. ఈ రెండూ ఎవరికైనా తప్పవు.

మూడోది కళ్ళెదురుగానే జరుగుతుంది, చేసేవాళ్ళకు మాత్రం తెలీదు. మునుపు బట్టలు ఆరేయడానికి మిద్దెక్కే మనిషి ఇప్పుడు కొడుకును పంపిస్తోంది. కొత్తిమీర కావాలంటే వీధి చివరికి పోయేది కాస్తా ఫోన్ చేసి తెప్పించుకుంటోంది. మధ్యాహ్నం టీవీ ముందు ఒరిగితే నాలుగుకు గానీ లేవడం లేదు. బద్ధకం కాదు ఇది. రాబడి తగ్గిందని ఒళ్ళు ఖర్చు తగ్గించుకుంటోంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళకు 24 వారాలు సగం తిండి పెట్టి చూశారు. బరువు దాదాపు నాలుగో వంతు పోయింది. దాంతోపాటు వాళ్ళ కదలిక మందగించింది, చలి వేసేది, తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. వదినది అంత కటిక కోత కాదు గానీ దారి అదే. ఈ కదలిక తగ్గడం ఓ 130 అని నా అంచనా.

నాలుగోది నాలుగు గంటల డబ్బా. రాత్రి తినడం లేదు కదా అని, వేయించిన చెనక్కాయలు గుప్పెడు, వెనకే ఇంకో కాఫీ. గుప్పెడంటే 30 గ్రాములు, 170 కేలరీలు. కాఫీ పాలు, చక్కెర కలిపితే మొత్తం 200. ఆమె దాన్ని తిండి కింద జమ వేయలేదు, పుస్తకంలో రాయనూ లేదు.

500 నుంచి 50, 50, 130, 200 తీసేయండి. మిగిలింది 70. వారానికి 490 కేలరీలు, అంటే 64 గ్రాముల కొవ్వు. నీళ్ళ వల్ల బరువు రోజుకో కిలో అటూ ఇటూ ఊగేటప్పుడు ఈ 64 గ్రాములు ఏ కాటాకు కనిపిస్తాయి? ఆవకాయ గట్టిగా పడిన మర్నాడు ముల్లు పైకి పోతుంది. పోయిన శనివారం వదిన అలిపిరి నుంచి 3550 మెట్లూ ఎక్కింది. ఆ ఎక్కడానికి నా లెక్కలో ఓ 500 కేలరీలు ఖర్చయి ఉంటాయి. మర్నాడు మాత్రం బరువు 800 గ్రాములు ఎక్కువ చూపించింది. పట్టేసిన కండల్లో నీరు చేరుతుంది, రెండు మూడు రోజులకు దిగుతుంది. ఇక పైన తిన్న లడ్డు 175 గ్రాములది, 700 దాకా ఉంటుంది. ప్రసాదాన్ని లెక్కలోకి లాగొద్దని వదిన కోప్పడింది కాబట్టి ఆ విషయం ఇక్కడితో వదిలేస్తున్నాను.

అందుకే "రోజుకు ఇంత కోస్తే ఏడాదికి ఇన్ని కిలోలు" అని తిన్నగా గీత గీసే చార్టులు తప్పుతాయి. రోజుకు 300 తగ్గిస్తే ఆ చార్టు ఏడాదికి 14 కిలోలు పోతాయంటుంది. ఖర్చు కూడా తగ్గుతుందని కలిపి కెవిన్ హాల్ అనే అమెరికా పరిశోధకుడి బృందం 2011లో ఇచ్చిన లెక్క వేరు: రోజుకు ప్రతి 24 కేలరీల శాశ్వత కోతకు చివరికి ఒక కిలో. అందులో సగం మొదటి ఏడాది, మిగతాది దాదాపు మూడేళ్ళకు. 300కి ఏడాదిలో ఆరు కిలోలన్నమాట.

వదినతో ఇంకా కోయించలేదు. రాత్రి భోజనం తిరిగి పెట్టించాను: ఒక చిన్న ముద్ద సంగటి, ఉలవల కూర, గిన్నెడు పెరుగు. నాలుగు గంటల డబ్బా సహజంగానే పోయింది. ప్రొటీన్ అరగడానికే దానిలో ఐదో వంతు పైగా ఖర్చవుతుంది, ఆకలీ ఆగుతుంది. వట్టి పస్తులతో తగ్గే బరువులో సుమారు నాలుగో వంతు కండ కూడా ఉంటుంది కాబట్టి, వారానికి మూడు రోజులు నీళ్ళ సీసాలు పట్టుకుని కుర్చీలోంచి లేచి కూర్చునే పని పెట్టాను. బట్టలు మళ్ళీ మిద్దె మీదే ఆరేస్తోంది. మొత్తం కోత 300 లోపే. పన్నెండో వారం సగటు 71.6.

షుగర్‌కు ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్ళు మాత్రం డాక్టరును అడగకుండా పూట మానేయకండి, షుగర్ పడిపోతుంది. గర్భిణులకు ఈ పాఠం కాదు.

ఈ వారం పని: మీ పుస్తకంలో ఏడు రోజుల బరువులు కూడి ఏడుతో భాగించి వారం సగటు రాయండి. వరసగా మూడు సగటుల్లోనూ తేడా 200 గ్రాముల లోపు ఉంటేనే ఆగిందని అనుకోవాలి, ఒక్క రోజు ముల్లు చూసి కాదు. ఆగినవాళ్ళు తిండి జోలికి పోకుండా, ఒక రోజంతా ఎన్నిసార్లు లేచారో, పూటకూ పూటకూ మధ్య నోట్లో ఏం పడిందో రాసి తీసుకురండి. నాలుగో పాఠంలో తాలింపు గరిటెలో ఎంత నూనె పడుతుందో కొలుస్తాం. ఒక టీస్పూను కొలత చెంచా సిద్ధంగా పెట్టుకోండి.