కాన్వాయ్ ఎఫెక్ట్ లెక్కలో ముందు చూడవలసినది రాక సమయం

సీపీయూ షెడ్యూలింగ్ లెక్క చేసేటప్పుడు జాబ్‌ల నిడివి కంటే ముందు అవి వచ్చిన సమయాలను చూడండి. 20, 2, 3, 1 మిల్లీసెకన్ల జాబ్‌లు నాలుగూ సున్నా సమయానికే, ఇదే వరుసలో క్యూలో చేరాయనుకుందాం. వచ్చిన వరుసలోనే నడిపితే అవి వరుసగా 0, 20, 22, 25 మిల్లీసెకన్లు వేచి ఉంటాయి కనుక సగటు 16.75 అవుతుంది, పెద్ద జాబ్ వెనుక చిన్నవన్నీ ఇలా నిలిచిపోవడమే కాన్వాయ్ ఎఫెక్ట్. చిన్న జాబ్‌ను ముందు నడిపితే సగటు 2.5కు పడిపోతుంది, పెద్ద జాబ్ వేచి ఉండేది కేవలం 6 మిల్లీసెకన్లే. (మొత్తం పని రెండు పద్ధతుల్లోనూ 26వ మిల్లీసెకనుకే ముగుస్తుంది.)

అయితే పెద్ద జాబ్ సున్నాకు, మిగిలిన మూడూ 1వ మిల్లీసెకనుకు వస్తే, నడుస్తున్న జాబ్‌ను మధ్యలో ఆపని షార్టెస్ట్ జాబ్ ఫస్ట్ దాదాపు నిరుపయోగం: వచ్చిన వరుసలో సగటు 16 కాగా, దీనిలో 15.25. పెద్ద జాబ్‌ను మధ్యలో ఆపగలిగే షార్టెస్ట్ రిమైనింగ్ టైమ్ ఫస్ట్ పద్ధతిలో మాత్రమే సగటు మళ్లీ 2.5కు వస్తుంది. పరీక్షల్లో చాలామంది తడబడేది ఈ తేడా దగ్గరే.