కొరియర్‌లో పార్సెల్ పోయిందని కస్టమర్‌కు ఎలా చెప్పాలి?

బెంగళూరులో ఉంటూ ధర్మవరం, మంగళగిరి, వెంకటగిరి చీరలు తెప్పించి వాట్సాప్‌లోనో, చిన్న వెబ్‌సైట్ పెట్టుకునో అమ్మే మనవాళ్లు చాలామందే ఉన్నారు. పార్సెల్ పోయిందని తెలియగానే వాళ్లలో ఎక్కువమంది చేసే పని ఒకటే: కొరియర్ వాళ్లు తేల్చి చెప్పేదాకా కస్టమర్‌ను ఆపడం. "కంప్లైంట్ పెట్టామమ్మా, చూస్తున్నారు" అని రోజులు గడుపుతారు. నా దృష్టిలో గొడవంతా అక్కడే మొదలవుతుంది. కొరియర్ విచారణ గడువు ఒకటి, కస్టమర్ అవసరం గడువు ఇంకొకటి. మొదటిది మీకూ కొరియర్‌కూ మధ్య వ్యవహారం. కొరియర్‌ను కుదుర్చుకున్నది మీరు, డబ్బు కట్టిందీ మీరే. కస్టమర్‌కు వాళ్లతో ఏ ఒప్పందమూ లేదు. కాబట్టి ఆ విచారణ తేలకముందే ఆమెకు నిజం చెప్పి, దారి చూపించాలి.

ఒక కేసు తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. మారతహళ్లి నుంచి చెన్నైలోని అంబత్తూరుకు 4,850 రూపాయల మంగళగిరి పట్టుచీర. సోమవారం, 3వ తేదీన కొరియర్‌కు ఇచ్చారు. గురువారానికల్లా చేరాలి. మంగళవారం రాత్రి హోస్కోటె హబ్‌లో స్కాన్ అయింది, ఆ తర్వాత ఏమీ లేదు. కస్టమర్ ఇంట్లో సీమంతం 16న, ఆదివారం.

ముందు, నిజంగా పోయిందా అన్నది చూడండి

ట్రాకింగ్ పేజీలో "దారిలో ఉంది" అన్న మాటను పట్టించుకోకండి. పార్సెల్ పోయిన తర్వాత కూడా అది అలాగే ఉంటుంది. చూడాల్సింది చివరి స్కాన్ ఎక్కడ, ఎప్పుడు జరిగిందన్నది. చిన్న పార్సెళ్లను విడివిడిగా లారీ ఎక్కించరు. ఒకే ఊరికి వెళ్లేవాటిని ఒక సంచిలో వేసి సీలు వేస్తారు. దారిలో సంచినే స్కాన్ చేస్తారు. అవతలి హబ్‌లో సంచి విప్పాక మళ్లీ ఒక్కో పార్సెల్‌నూ స్కాన్ చేస్తారు. అందుకే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసినప్పుడు "ఎక్కడుంది?" అని అడగకండి. "సంచి చెన్నై చేరిందా? విప్పినప్పుడు మా పార్సెల్ అందులో ఉందా?" అని అడగండి. సంచే రాకపోతే అది ఆలస్యమో, దారి తప్పి వేరే ఊరు పోవడమో అయి ఉండొచ్చు, రెండు మూడు రోజుల్లో తేలే అవకాశం ఉంది. సంచి వచ్చి అందులో మీ పార్సెల్ లేకపోతే మాత్రం పోయినట్టే లెక్కపెట్టుకుని పని మొదలుపెట్టండి.

"డెలివరీ అయింది" అని చూపిస్తూ కస్టమర్ చేతికి రాకపోతే అది వేరే సమస్య. అప్పుడు డెలివరీ రుజువు, అంటే సంతకం, ఫొటో, ఓటీపీ నమోదు అడగాలి. ఈ వ్యాసం దాని గురించి కాదు.

మన కేసులో శుక్రవారం ఉదయం వచ్చిన సమాధానం: సంచి చెన్నై చేరింది, పార్సెల్ అందులో లేదు.

అదే రోజు రాతపూర్వకంగా ఫిర్యాదు

ఫోన్‌లో చెప్పి వదిలేయకండి. మెయిల్‌లో గానీ వాళ్ల పోర్టల్‌లో గానీ ఏడబ్ల్యూబీ అనే ట్రాకింగ్ నంబరు, బిల్లు, బుకింగ్ రోజు నమోదైన బరువు, ప్యాకింగ్ ఫొటో పెట్టండి. లోపల ఏముందో రంగుతో సహా రాయండి. ఇది ఊరికే చెప్పడం లేదు. లేబుల్ ఊడిపోయిన పార్సెళ్లను హబ్‌లో ఒక పక్కన పెడతారు. అక్కడ వెతికేవాడికి నంబరుతో పని జరగదు, "ఆకుపచ్చ చీర, మెరూన్ అంచు, తెల్లటి అట్టపెట్టె" అన్న వర్ణనే పనికొస్తుంది. ప్రతి పెట్టె లోపలా ఆర్డర్ నంబరు, మీ ఫోన్ నంబరు రాసిన చీటీ వేసే అలవాటు ఉంటే ఇలాంటప్పుడు ఎంతో మేలు.

ఫిర్యాదు నంబరు, విచారణ ముగిసే తేదీ రెండూ తీసుకోండి. మన కేసులో వాళ్లు ఏడు పనిదినాలు అన్నారు. శనివారాన్ని కలిపి లెక్కేస్తే 15వ తేదీ అవుతుంది. సీమంతానికి ముందురోజు! అంటే విచారణ మీద ఆశపెట్టుకుని కూర్చోవడానికి వీల్లేదు. కస్టమర్‌కు ఫోన్ చేయాల్సింది ఈ శుక్రవారం సాయంత్రమే.

ఫోన్ ముందు, మెసేజ్ తర్వాత

ఫంక్షన్ ఉన్న కస్టమర్‌కు మెసేజ్ ఒక్కటి పెట్టి ఊరుకోవడం తప్పు. ఫోన్ చేసే ముందు మీ దగ్గర ఏముందో చూసుకోండి. చేనేతలో అదే రంగు, అదే అంచు ఇంకొకటి ఉండకపోవచ్చు. "మళ్లీ పంపిస్తాం" అని మాటిచ్చాక స్టాకు లేదని తెలిస్తే రెండోసారి దెబ్బ కొట్టినట్టే. మన కేసులో ఆ చీర ఒక్కటే ఉంది, అదే ధరలో దానికి దగ్గరగా ఉన్నవి రెండు ఉన్నాయి.

మొదటి రెండు వాక్యాల్లోనే విషయం చెప్పేయాలి. "అమ్మా, మీ చీర పార్సెల్ కొరియర్‌లో పోయింది. మీ డబ్బుకు ఏ ఢోకా లేదు, ఏం చేయాలో మాట్లాడదామని ఫోన్ చేశాను." ఇక ఆమె మాట వినండి. "పదహారున ఫంక్షన్ పెట్టుకున్నామమ్మా, ఇప్పుడు చెప్తే ఎలా?" అని కోప్పడితే కొరియర్ వాళ్ల మీదకు నెట్టకండి. "నిజమేనమ్మా, మీకు ఇబ్బందే. చీర మీకు ఏ రోజుకల్లా చేతిలో ఉండాలి?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నతో అసలు గడువు బయటపడుతుంది. ఫంక్షన్ 16న అయినా, జాకెట్టు కుట్టడానికి టైలర్ నాలుగు రోజులు అడిగాడు. కాబట్టి చీర 11కల్లా చేరాలి. ఈ తేదీ తెలియకుండా మీరిచ్చే ఏ హామీకీ విలువ లేదు.

ఫోన్ పెట్టేశాక పది నిమిషాల్లో మాట్లాడుకున్నదంతా రాసి పంపండి. ఇలా ఉంటే చాలు:

"నమస్తే అమ్మా. 3న పంపిన మీ పార్సెల్ 4న హోస్కోటె హబ్ దాటాక కనిపించడం లేదు. కొరియర్‌కు ఫిర్యాదు చేశాం, వాళ్ల విచారణ 15న ముగుస్తుంది. మీరు అప్పటిదాకా ఆగక్కర్లేదు. రెండు దారులున్నాయి. ఒకటి: కొరియర్ ఛార్జీతో కలిపి మీరు కట్టిన మొత్తం ఈ రోజే వాపసు వేస్తాం. రెండు: కింద ఫొటోలో ఉన్న రెండు చీరల్లో మీకు నచ్చింది రేపు ఉదయం పంపిస్తాం, సోమవారం 10న చేరాలి. అదనంగా ఏమీ కట్టక్కర్లేదు. 11 ఉదయానికి చేరకపోతే అప్పుడైనా పూర్తి డబ్బు వాపసు అడగొచ్చు. రేపు ఉదయం 9 లోపు చెప్పండి. ఏమీ చెప్పకపోతే డబ్బు వాపసు వేసేస్తాం."

ఇందులో మూడు విషయాలు గమనించండి. ఆమె జవాబు రాకపోయినా ఏం జరుగుతుందో ముందే ఉంది. ప్రతి మాటకూ ఒక తేదీ ఉంది. "త్వరలో" అన్న మాట ఎక్కడా లేదు. కూపన్ గురించి కూడా రాయలేదు. డబ్బుకు బదులు వచ్చేసారికి కూపన్ ఇస్తామంటే డబ్బు ఎగ్గొడుతున్నారనే అనుకుంటారు. ఇవ్వాలనిపిస్తే అంతా సర్దుకున్నాక విడిగా ఇవ్వండి.

డబ్బు వాపసు అంటే

కట్టిన దారిలోనే వెనక్కి పంపాలి. యూపీఐలో నేరుగా మీకు వేసి ఉంటే, వేసిన ఆ ఐడీకే తిరిగి వేయండి. "మా తమ్ముడి నంబరుకు వేయండి" అని మెసేజ్ వస్తే ఫోన్ చేసి గొంతు విని నిర్ధారించుకోండి. గేట్‌వే ద్వారా కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో కనిపించడానికి సాధారణంగా వారం వరకూ పట్టొచ్చు. ఆ మాట ముందే చెప్పి, రిఫండ్ రిఫరెన్స్ నంబరు పంపండి. డబ్బు కనపడకపోతే ఆ నంబరు పట్టుకుని ఆమె తన బ్యాంకును అడగగలదు. క్యాష్ ఆన్ డెలివరీ అయితే వాపసు ఇవ్వాల్సిందేమీ లేదు, ఆర్డర్ రద్దయిందని రాసి పంపితే చాలు.

ఇంకొక మాట తప్పకుండా చెప్పాలి. పార్సెల్ పోయిందని తెలిస్తే జనం గూగుల్‌లో కొరియర్ నంబరు వెతుకుతారు, అక్కడ దొంగ నంబర్లు దొరుకుతాయి. "రిఫండ్ కోసం లింకు నొక్కండి, పిన్ కొట్టండి" అని ఎవరన్నా అది మోసమే. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అవసరం లేదు. అప్పటికే పోగొట్టుకున్నవాళ్లు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఈ రెండు ముక్కలు మీ మెసేజ్ చివర పెట్టండి.

మళ్లీ పంపితే

మన కేసులో ఆమె రెండో చీర ఎంచుకుంది. శనివారం ఉదయం పంపేటప్పుడు వీలైతే వేరే కొరియర్‌లో వేయండి, విలువ ప్రకటించి ఇన్సూరెన్స్ తీసుకోండి. కొత్త ట్రాకింగ్ నంబరు పంపి, పాతది పనిచేయదని చెప్పండి. సోమవారం మధ్యాహ్నం వరకు డెలివరీకి బయల్దేరినట్టు కనిపించకపోతే ఆమె అడగకముందే మీరే ఫోన్ చేయండి.

పాత పార్సెల్ అకస్మాత్తుగా ప్రత్యక్షమైతే? ఇది అప్పుడప్పుడూ జరుగుతుంది. దొరికితే కస్టమర్‌కు కాకుండా మీకే తిప్పి పంపాలని కొరియర్‌కు ఇచ్చిన ఫిర్యాదులోనే రాయండి. ఆమెకు కూడా "పాతది వస్తే తీసుకోకండి, తీసేసుకుంటే ఒక ఫోన్ కొట్టండి, మా ఖర్చుతో తెప్పించుకుంటాం" అని చెప్పండి.

మీరూ కొరియరూ తేల్చుకోవాల్సింది

కస్టమర్ పని అయిపోయినా విచారణ వదలకండి. 15న "దొరకలేదు" అన్న జవాబు రాతలో తీసుకోండి, క్లెయిమ్‌కు అది కావాలి. క్లెయిమ్ ఎన్ని రోజుల్లోపు పెట్టాలి, గరిష్ఠంగా ఎంత ఇస్తారు అన్నది మీ ఒప్పందంలో ఉంటుంది. ఇన్సూరెన్స్ లేకపోతే చీర ధర మొత్తం రాకపోవచ్చు. ఆ తేడా మీరు భరించాల్సిందే, కస్టమర్ మీద వేయడానికి వీల్లేదు. జీఎస్టీ ఉన్నవాళ్లు పోయిన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను వెనక్కి తిప్పాలి, ఈ సంగతి మీ ఆడిటర్‌కు చెప్పండి.

విచారణ సాగుతుందని కస్టమర్‌ను నెలల తరబడి తిప్పించుకోవడానికి చట్టం కూడా ఒప్పుకోదు. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆన్‌లైన్ కొనుగోలు మీద ఫిర్యాదు వస్తే 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. విసిగిపోయిన కస్టమర్ 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే, మీరు పంపిన ఆ మొదటి మెసేజ్, రిఫండ్ నంబరు, ఫిర్యాదు నంబరు మీ తరఫున చూపించుకోవడానికి ఉండాలి. ఆ మూడింటినీ ఆర్డర్ నంబరు పేరుతో ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి.