ఉతికాక పసుపుబారే తెల్ల షూస్, బురద పట్టిన స్కూల్ షూస్: జిగురు ఊడకుండా బాగు చేయడం

సమస్య: తడిగా ఉన్నప్పుడు తెల్లగా ఉంటాయి, ఆరాక పసుపు చారలు

మా అమ్మాయి తెల్ల కాన్వాస్ షూస్‌ని ఒకసారి రాత్రంతా సబ్బునీళ్లలో నానబెట్టి, పొద్దున్నే ఉతికి ఎండలో పెట్టాను. సాయంత్రానికి సోల్ పైన వేలెడు మందాన పసుపు చార, లేసు కన్నాల చుట్టూ అదే రంగు. మురికి పోలేదనుకుని ఇంకాస్త సబ్బు పెట్టి మళ్లీ ఉతికాను. చార ఇంకా ముదిరింది. పైగా ఒక షూకి ముందువైపు సోల్ నోరు తెరిచింది.

కారణం

అది మురికి కాదు, చాలావరకు మనం పెట్టిన సబ్బే. కాన్వాస్ మందపాటి గుడ్డ, కుట్ల దగ్గర రెండు మూడు పొరలు ఉంటాయి. అక్కడి సబ్బు ఒకట్రెండు నీళ్లకు వదలదు. షూ ఆరేటప్పుడు లోపలి తడి పైకి పాకుతూ ఆ సబ్బునీ, లోపలి అట్ట నుంచి, జిగురు నుంచి దిగిన రంగునీ వెంట తెస్తుంది. నీళ్లు ఆవిరైపోతాయి, అవి మాత్రం గుడ్డ పైన మిగిలిపోతాయి. ఎండలో పెడితే పైభాగం త్వరగా ఆరి, లోపలి తడినంతా అటే లాక్కుంటుంది.

నిర్ధారించుకోవడం తేలికే. చార మీద రెండు చుక్కల నీళ్లు వేసి వేలితో రుద్దండి. జారుడుగా అనిపించినా, సన్నటి నురగ వచ్చినా సబ్బు మిగిలినట్టే.

పరిష్కారం

లేసులు, లోపలి ఇన్‌సోల్ తీసేయండి. రెండు కప్పుల నీళ్లలో అర కప్పు తెల్ల వెనిగర్ కలిపి, తెల్ల గుడ్డ ముంచి చారల మీద బాగా అద్దండి. షూని ముంచక్కర్లేదు. సబ్బుకి ఉన్న క్షారాన్ని వెనిగర్ విరిచేస్తుంది. పది నిమిషాలయ్యాక చల్లని నీళ్ల ధార కింద, పిండినప్పుడు నురగ రాకుండా పోయేదాకా కడగండి.

అసలు పని ఆరబెట్టడంలో ఉంది. పొడి తువ్వాలుతో తడి అద్దేసి, షూ బయటంతా తెల్ల టిష్యూ పేపర్ రెండు మూడు పొరలు, గుడ్డకి అంటుకునేలా చుట్టండి. లోపల కూడా టిష్యూనే కుక్కండి. న్యూస్‌పేపర్ వద్దు, దాని సిరా తెల్ల గుడ్డకి అంటుతుంది. నీడలో, ఫ్యాన్ గాలికి పెట్టండి. ఇప్పుడు పైకి వచ్చే రంగు గుడ్డ మీద ఆగకుండా కాగితంలోకి వెళ్తుంది. నేను మర్నాడు విప్పితే టిష్యూ మీద లేత టీ రంగు మచ్చలు ఉన్నాయి, షూ మీద చార సగానికి పైగా తగ్గింది. ఇంకోసారి చేస్తే పోయింది.

క్లోరిన్ బ్లీచ్ జోలికి వెళ్లకండి. కుట్టుదారంలో, లైనింగ్‌లో సింథటిక్ ఉంటే దానివల్లే పసుపు ఎక్కుతుంది. వెనిగర్‌తో కలిస్తే విషవాయువు వస్తుంది కాబట్టి ఆ రెండూ ఎప్పుడూ ఒకచోట వాడకూడదు.

సమస్య: బురద పట్టిన స్కూల్ షూస్

తడి బురదని తుడిస్తే సన్న మట్టి కుట్లలోకి దిగిపోతుంది. టెన్షన్ పడకుండా పూర్తిగా ఆరనివ్వండి. ఆరాక రెండు సోల్స్‌నీ ఒకదానికొకటి కొడితే పెచ్చులుగా రాలిపోతుంది. మిగిలింది పాత టూత్‌బ్రష్‌తో పొడిగానే దులిపి, చివర్లో గట్టిగా పిండిన తడిగుడ్డతో తుడవండి. సోల్ అతికిన గాడిలో కత్తి మొనతో గీకొద్దు, జిగురు పొర లేచిపోతుంది. అగ్గిపుల్ల చాలు. నల్ల షూస్‌లో అయితే న్యూస్‌పేపర్ కుక్కి ఆరబెట్టొచ్చు, తడిసిన కాగితాన్ని గంట రెండు గంటలకోసారి మార్చాలి.

సమస్య: కడిగాక సోల్ ఊడుతోంది

కారణం వేడి, లేదా ఎక్కువసేపు నానడం. షూస్‌కి వాడే జిగురు చాలావరకు వేడికి మెత్తబడేదే. మరిగే నీళ్లు, హెయిర్ డ్రయర్, డ్రయర్ మెషిన్, మండుటెండ, ఏదైనా ఒకటే. గోరువెచ్చని నీళ్లు దాటొద్దు, నీళ్లతో పని పావుగంటలో ముగించండి. కడిగే ముందే షూ ముందుభాగాన్ని కొద్దిగా వంచి, సోల్ అంచులో కాగితం మూల దూర్చి చూడండి. దూరితే ముందు దాన్ని అతికించి, ఒక రోజు ఆగాకే కడగాలి. నీళ్లు ఆ సందులోకి వెళ్తే మిగతా జిగురు కూడా వదులుతుంది.

గుడ్డ తెల్లగా ఉండి రబ్బరు పట్టీ మాత్రమే పసుపుగా ఉంటే, అది గాలికీ వెలుతురుకీ రబ్బరు ముదిరి మారిన రంగు. వెనిగర్, టిష్యూ దాని మీద పనిచేయవు.