స్టూడెంట్ ప్లాన్ రెన్యువల్: నా అనుభవం

మ్యూజిక్ యాప్ స్టూడెంట్ ప్లాన్‌కి 12 నెలలు నిండాయి. మళ్లీ వెరిఫై చేయమంటే ఐడీ కార్డు పెట్టాను, రిజెక్ట్. ఆ నెల పూర్తి రేటు కట్ అయింది; ప్లేలిస్టులు మాత్రం పోలేదు.

ఫోటో మళ్లీ తీయడం, కాలేజీ మెయిల్, ఫీజు రసీదు, ఏవీ పనిచేయలేదు.

చివరికి కార్డు చూస్తే ఇంటిపేరు పొడి అక్షరమే, పైగా చేరిన సంవత్సరం తప్ప ఇంకే తేదీ లేదు. కాలేజీ ఆఫీసులో బోనఫైడ్ సర్టిఫికెట్ తీసుకున్నాను: పూర్తి పేరు, ఈ విద్యా సంవత్సరం, ఇచ్చిన తేదీ ఉండేలా. తర్వాత ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అందులో ఉన్నట్టే టైప్ చేసి, నాలుగు మూలలూ కనిపించేలా స్కాన్ పెట్టాను. రెండో రోజుకి ఓకే అయింది.

పేరు వల్లో, తేదీ వల్లో కచ్చితంగా చెప్పలేను, రెండూ ఒకేసారి మార్చాను. కోర్సు అయిపోయినవాళ్లకి ఇది పనికిరాదు.