ఆరు నెలల మిత్తి బాండు కొంటున్నారా? రేటు సగం చేశారు సరే, విడతల సంగతేంటి?

నల్గొండలో మాకు తెలిసిన రిటైర్డ్ సారు ఒకరు ఈమధ్య బ్రోకర్ దగ్గర ప్రభుత్వ బాండు కొన్నారు. ముఖ విలువ 2 లక్షలు, కూపన్ అంటే దాని మీద ఏడాదికిచ్చే మిత్తి 7 శాతం, గడువు ఇంకా సరిగ్గా 5 ఏళ్లు. అలాంటి బాండ్లకు అప్పుడు నడుస్తున్న ఈల్డ్, అంటే కొన్న ధర మీద గడువు దాకా ఏడాదికి పడే రాబడి, 8 శాతం. సారు స్వయంగా లెక్క వేసుకుంటే నూటికి 97.77 ధర తేలింది. బ్రోకర్ 97.50కే ఇస్తానన్నాడు. చౌకే కదా అని తీసేసుకున్నారు. నిజానికి 8 శాతం ఈల్డ్‌కు దాని ధర 95.94 రూపాయలే. అంటే మూడు వేల పైచిలుకు ఎక్కువ కట్టారు, చేతికొచ్చే ఈల్డ్ 7.61కి పడిపోయింది.

తప్పు ఎక్కడ జరిగిందంటే, సారు కూపన్‌ను సగం చేసి 3.50 అన్నారు, ఈల్డ్‌ను సగం చేసి 4 శాతం అన్నారు. రెండూ సరైనవే. కానీ విడతలను 5గానే ఉంచారు. ఆరు నెలలకోసారి మిత్తి వచ్చే బాండుకు ఐదేళ్లలో 10 విడతలుంటాయి.

మన ఊళ్లలో నూటికి రెండు రూపాయల మిత్తికి అప్పిచ్చినవాళ్లు ఏడాదికి పన్నెండు నెలలు లెక్కపెట్టడం మర్చిపోరు. రేటు నెలదైతే లెక్కా నెలల్లోనే. బాండుకూ అంతే: రేటు ఆరు నెలలదైతే విడతలు కూడా ఆరు నెలలవే.

సరైన లెక్క ఇది. 4 శాతం చొప్పున 10 విడతలకు, విడతకో రూపాయి వస్తే దాని నేటి విలువ 8.1109. దాన్ని 3.50తో గుణిస్తే 28.388. చివర్లో వచ్చే 100 నేటి విలువ 67.556. మొత్తం 95.944, అంటే 95.94. సారు లెక్కలో అసలు 100 రెండున్నరేళ్లకే వచ్చేస్తున్నట్టు తేలి, దాని విలువ 82.19 అయింది.

ఈ తప్పు ప్రమాదం ఏంటంటే, అది తప్పులా కనబడదు. ఈల్డ్‌ను సగం చేయడం మర్చిపోతే ధర 69.80 వస్తుంది, చూడగానే అనుమానం వస్తుంది. కూపన్‌ను సగం చేయకపోతే 124 దాటుతుంది, 8 శాతం ఈల్డ్ దగ్గర 7 శాతం బాండు నూరు దాటదు కాబట్టి అదీ దొరికిపోతుంది. విడతలు మర్చిపోతే మాత్రం 97.77 అని నమ్మదగ్గ అంకె వస్తుంది. మహబూబ్‌నగర్‌లో డిగ్రీ కామర్స్ పిల్లల పేపర్లలో కూడా ఎక్కువగా మార్కులు పోయేది ఇక్కడే.

చాలామంది ఒక పరీక్ష చేసి ధైర్యం తెచ్చుకుంటారు: ఈల్డ్ కూడా 7 శాతమే అని పెట్టి చూస్తే ధర సరిగ్గా 100 రావాలి. మంచి పరీక్షే, కానీ కూపన్, ఈల్డ్ ఒకదానికొకటి సరిపోతున్నాయా అన్నదే అది చెబుతుంది. విడతలు 5 పెట్టినా, 10 పెట్టినా, 50 పెట్టినా 100 వస్తుంది. విడతల తప్పును అది పట్టదు. దాన్ని పట్టేది ఒక్కటే, మిత్తి పడే తేదీలన్నీ కాగితం మీద రాసి లెక్కపెట్టడం.

ఇక ఇవి పాటించండి.

ముందు తేదీలు రాయండి, తర్వాతే కాలిక్యులేటర్ తీయండి.

ఎక్సెల్‌లో PV వాడితే సగాలు మీరే చేయాలి:

```
=-PV(8%/2, 5*2, 7/2, 100)
```

PRICE వాడితే సగం చేయొద్దు. అందులో ఏడాది ఈల్డ్, ఏడాది కూపన్ ఇచ్చి frequency దగ్గర 2 పెట్టాలి, సగం అదే చేసుకుంటుంది. అక్కడ 4% ఇస్తే రెండోసారి సగమై ధర పెరిగిపోతుంది.

ఈల్డ్ ఏ లెక్కదో అడగండి. ప్రభుత్వ బాండ్లకు చెప్పే 8 అంటే ఆరు నెలలకు 4, చక్రవడ్డీతో ఏడాదికి 8.16. కొన్ని కంపెనీ బాండ్లకు చక్రవడ్డీ కలిపేసిన ఏడాది రాబడినే చెబుతారు. అప్పుడు సగం చేయకూడదు, 1.08 వర్గమూలం తీయాలి: విడతకు 3.923 శాతం, ధర 96.56.

అడగకుండా సగం చేయొద్దు.

విడతలు. మళ్లీ చూడండి. ఏడున్నరేళ్లయితే 15.

కూపన్ తేదీ దాటి మూడు నెలలకు కొంటే, 2 లక్షల మీద 3,500 పాత మిత్తి అమ్మేవాళ్లకు విడిగా కట్టాలి. దాన్ని ధరలో కలిపి బాండు ఖరీదైందనుకోవద్దు, వచ్చే కూపన్‌లో అది మీకే తిరిగి వస్తుంది.