హోదాలు, హాబీలు కాదు, మనిషి కనిపించేలా చిన్న బయో రాయడం ఎలా?

బయో రాయమనగానే చాలామంది చేతికి ముందు వచ్చేది ఒక జాబితా. ఉదాహరణకు పద్దులు చూసే ఒకావిడ ఇలా రాశారనుకుందాం:

"సీనియర్ అకౌంటెంట్‌ని. ఈ రంగంలో పన్నెండేళ్ల అనుభవం. పుస్తకాలు చదవడం, ప్రయాణాలు, ఫొటోగ్రఫీ ఇష్టం. కష్టపడే తత్వం, కొత్త విషయాలు నేర్చుకోవాలనే తపన ఉన్నాయి."

ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ చదివాక ఆవిడ గురించి మనసులో ఏమీ మిగలదు. ఇవే నాలుగు వాక్యాలు వేలమంది అకౌంటెంట్లు తమ పేరు కింద పెట్టుకోవచ్చు. ఈ బయోనే తీసుకుని, అందులో ఆవిడ కనిపించేదాకా ఒక్కో అడుగూ మార్చుకుంటూ వెళ్దాం.

1. ఎక్కడ వస్తుందో, ఎంత చోటుందో చూసుకోండి

పత్రికలో వ్యాసం చివర, సభలో పరిచయానికి, ఆఫీసు వెబ్‌సైట్‌లో అయితే నలభై యాభై పదాలు హాయిగా పడతాయి. సోషల్ మీడియా ప్రొఫైల్‌లో అంత చోటు ఉండదు. ఇన్‌స్టాగ్రామ్ బయోకి 150 క్యారెక్టర్లు, ఎక్స్‌లో 160. తెలుగులో రాసేవాళ్లకి ఇక్కడ ఒక చిక్కుంది. ఇలాంటి లెక్కల్లో సాధారణంగా గుణింతపు గుర్తు, ఒత్తు, సున్నా కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. "పుస్తకం" కంటికి మూడక్షరాలే, లెక్కకు మాత్రం ఏడు. అందుకే ముందు పెద్ద బయో రాసుకుని, తర్వాత దాన్నుంచి చిన్నది తీసుకోవడం మేలు. చిన్నదే ముందు రాద్దామని కూర్చుంటే మళ్లీ హోదా, హాబీలే వచ్చి కూర్చుంటాయి.

2. జాబితాను పారేయకండి, దాన్ని తవ్వండి

అసలు పనంతా ఈ అడుగులోనే ఉంది, కాబట్టి దీనికి తీరిగ్గా ఒక గంట కేటాయించండి. జాబితాలోని ప్రతి మాటా ఒక మూత లాంటిది. దాని కింద ఏముందో చూడటానికి మూడు ప్రశ్నలు బాగా పనికొస్తాయి. ఆ పని చివరిసారి చేసినప్పుడు సరిగ్గా ఏం చేశారు? అదే పని చేసే మిగతావాళ్లు చేయనిది, మీరు చేసేది ఏమిటి? అందులో ఏ క్షణం కోసం మీరు ఎదురు చూస్తారు?

మన అకౌంటెంట్‌ని అడిగి చూద్దాం. "సీనియర్ అకౌంటెంట్" అంటే ఏం చేస్తారు? చిన్న వ్యాపారాల పద్దులు చూస్తారు. అందులో ఏ క్షణం ఇష్టం? ఇక్కడ ఆవిడ ఒక్క క్షణం ఆగి, రెండు వైపుల మొత్తాలు కలవనప్పుడు అంటారు. ముందు ఆ తేడాను 9తో భాగిస్తారట. శేషం లేకుండా పోతే, ఎవరో 63కి బదులు 36 అని కొట్టి ఉంటారని అనుమానం. అంకెలు అలా తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ 9తో భాగమవుతుంది. 63లోంచి 36 తీస్తే 27. తేడా 9తో భాగమైన ప్రతిసారీ కారణం ఇదే కాకపోవచ్చు, కానీ వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. "ఆ వెతుకులాట మొదలైతే నాకు ఆకలి కూడా గుర్తురాదు" అంటారు.

పన్నెండేళ్ల అనుభవం అన్న మాట చెప్పలేనిది ఈ ఒక్క సంగతి చెప్పింది. ఆవిడకు పని తెలుసు, ఆ పనంటే ప్రేమ, తప్పు కనిపిస్తే విసుక్కోకుండా దాని వెంట పడతారు.

ఇక పుస్తకాలు. ఏవి? డిటెక్టివ్ నవలలు. ఎలా చదువుతారు? చివరి అధ్యాయం ముందు ఆగిపోతారు. హంతకుడెవరో తన ఊహను వెనక అట్ట లోపలివైపు పెన్సిల్‌తో రాసుకుని, అప్పుడు మిగతాది చదువుతారు. ఊహ నిజమవుతుందా? ఎక్కువసార్లు కాదట.

ఫొటోగ్రఫీ గురించి అడిగితే, ఫోన్‌లో ఎక్కువగా మెట్ల ఫొటోలున్నాయి. ప్రయాణాల గురించి అడిగితే ప్రత్యేకంగా ఏమీ రాలేదు. అందరూ వెళ్లినట్టే వెళ్తారు, వస్తారు. అలా ఏమీ దొరకని మాటను నిర్మొహమాటంగా కొట్టేయవచ్చు. అది అబద్ధం కాదు గానీ, బయోలో చోటు దక్కించుకునేంత బలం దానికి లేదు.

మిమ్మల్ని మీరే ప్రశ్నించుకున్నా జవాబులు రాకపోతే, మీతో రోజూ పనిచేసేవాళ్లను గానీ ఇంట్లోవాళ్లను గానీ "నేను ఏం చేసేటప్పుడు మీకు నవ్వొస్తుంది, ఏం చేసేటప్పుడు విసుగొస్తుంది?" అని అడగండి. మనకు మామూలైపోయిన అలవాట్లు వాళ్లకు స్పష్టంగా కనిపిస్తాయి.

3. దొరికినవాటిని జల్లెడ పట్టండి

వివరం చిన్నదైనంత మాత్రాన మంచిదైపోదు. ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. "నీలం రంగు సాక్సులే వేసుకుంటాను" అన్నది నిర్దిష్టమే, కానీ దాన్నిబట్టి మీరెలా ఆలోచిస్తారో ఏమీ తెలియదు. వింతకూ వ్యక్తిత్వానికీ తేడా ఉంది. ఆ వివరంలో మీరు ఏదో ఒకటి చేస్తూ, ఏదో ఒకటి ఎంచుకుంటూ, దేనికోసమో తాపత్రయపడుతూ కనిపించాలి. పెన్సిల్‌తో ఊహ రాసుకోవడంలో అది ఉంది. మెట్ల ఫొటోల్లో సగమే ఉంది. ఎందుకు తీస్తారో ఆవిడే చెప్పలేకపోతున్నారు. అందుకని వాటినీ పక్కన పెడదాం.

రెండో పరీక్ష ఇంకా సులువు. మీ వృత్తిలోనే ఉన్న ఇంకొకరి పేరు ఆ వాక్యం ముందు పెట్టి చదవండి. వాళ్లకూ అతికినట్టు సరిపోతే ఆ వాక్యం మీది కాదు, మళ్లీ తవ్వాలి.

మూడోది జాగ్రత్తకు సంబంధించింది. పుట్టినరోజు, పిల్లల పేర్లు, చదివిన బడి, పెంపుడు జంతువు పేరు, రోజూ ఏ వేళకు ఎక్కడుంటారన్నది, ఇవన్నీ నిర్దిష్టమైనవే, ఆత్మీయంగానూ అనిపిస్తాయి. కానీ పాస్‌వర్డ్ మర్చిపోయినప్పుడు అడిగే ప్రశ్నలకు జవాబులు చాలామటుకు ఇవే. వీటిని బయోలో పెట్టకండి. అలాగే క్లయింట్ల గురించి, రోగుల గురించి, విద్యార్థుల గురించి వాళ్లను గుర్తుపట్టేలా ఏమీ రాయకూడదు. మన అకౌంటెంట్ తప్పు వెతికే పద్ధతి చెప్పవచ్చు, ఎవరి లెక్కల్లో దొరికిందో చెప్పకూడదు.

4. రెండు వివరాలు చాలు, కానీ అవి ఒకదాన్నొకటి తాకాలి

అయిదారు మంచి వివరాలు దొరికినా అన్నీ కుక్కితే మళ్లీ జాబితానే అవుతుంది. ఒకటి పని నుంచి, ఒకటి పని బయటి నుంచి తీసుకోండి. రెండూ ఒకే మాట చెప్పకుండా, ఒకటి ఇంకోదానికి కొత్త కోణం ఇస్తే బయోకి ప్రాణం వస్తుంది. ఇక్కడ ఆ అవకాశం దానంతటదే దొరికింది. పద్దుల్లో తప్పును పట్టుకునే మనిషి, నవలల్లో హంతకుణ్ణి పట్టుకోలేకపోతున్నారు.

హోదా బదులు చేసే పనిని క్రియతో చెప్పండి. విశేషణాలు తీసేయండి. ఇదిగో మొదటి ప్రతి:

"నేను చిన్న వ్యాపారాల పద్దులు చూస్తాను. మొత్తాలు కలవకపోతే ముందు తేడాను 9తో భాగిస్తాను. భాగమైతే ఎక్కడో రెండంకెలు తారుమారై ఉంటాయి. ఆ చోటు వెతికి పట్టుకోవడం నాకు చాలా ఇష్టం, ఎందుకంటే నేను ఓపిక, పట్టుదల ఉన్న మనిషిని. డిటెక్టివ్ నవలలు కూడా చదువుతాను. చివరి అధ్యాయం ముందు ఆగి, హంతకుడెవరో వెనక అట్ట లోపల పెన్సిల్‌తో రాసుకుంటాను. ఎక్కువసార్లు తప్పే అవుతుంది."

"ఎందుకంటే" దగ్గర ఏం జరిగిందో చూడండి. పాఠకుడు తనంతట తాను గ్రహించబోతున్నదాన్ని ఆవిడే ముందుగా చెప్పేశారు. ఓపిక ఉందని చెప్పుకున్న మరుక్షణం అది సొంత డబ్బా అయిపోతుంది. వివరం పెట్టాక దానికి అర్థం చెప్పే వాక్యం దాదాపు ప్రతి మొదటి ప్రతిలోనూ వచ్చి చేరుతుంది, కాబట్టి దానికోసం ప్రత్యేకంగా వెతికి తీసేయండి. దాంతోపాటు "కూడా" వంటి అతుకుల మాటలూ పోతాయి:

"చిన్న వ్యాపారాల పద్దులు చూస్తాను. మొత్తాలు కలవకపోతే ముందు తేడాను 9తో భాగిస్తాను. భాగమైతే ఎక్కడో రెండంకెలు తారుమారై ఉంటాయి, ఇక అవి దొరికేదాకా ఆకలి గుర్తురాదు. రాత్రిళ్లు డిటెక్టివ్ నవలలు. చివరి అధ్యాయం ముందు ఆగి, హంతకుడెవరో వెనక అట్ట లోపల పెన్సిల్‌తో రాసుకుంటాను. ఎక్కువసార్లు తప్పే."

చోటు తక్కువైతే రెండు వివరాలనూ నలిపి ఇరికించకండి, ఒక్కటే ఉంచుకోండి: "చిన్న వ్యాపారాల పద్దులు చూస్తాను. డిటెక్టివ్ నవలల్లో చివరి అధ్యాయం ముందు ఆగి హంతకుడెవరో ఊహిస్తాను. ఎక్కువసార్లు తప్పే." ఒత్తులు, గుణింతాలు, ఖాళీలు కలుపుకుని ఇది 120 క్యారెక్టర్ల లోపే.

5. "నేను" అనాలా, "ఆవిడ" అనాలా?

సొంత ప్రొఫైల్‌లో "నేను" సహజం. పత్రికవాళ్లో సభ నిర్వాహకులో వేసుకునేదైతే "చూస్తారు", "చదువుతారు" అని రాసివ్వడం వాడుక. అప్పుడు ఆ గౌరవ వాచకం వాళ్ల నోటిమాటగా వినిపిస్తుంది. అదే వాక్యాన్ని మీ సొంత పేజీలో మీరే పెట్టుకుంటే మిమ్మల్ని మీరే "గారు" అన్నట్టుంటుంది. రెండు ప్రతులూ రాసి దగ్గర పెట్టుకుంటే, అడిగినప్పుడు హడావుడిగా మార్చే బాధ తప్పుతుంది. ఇంకొకరు చదివి వినిపించే బయో అయితే వాక్యాలు ఇంకా పొట్టిగా ఉండాలి. 9తో భాగించే సంగతి కంటికి బాగున్నా, వినేవాళ్లకు ఒక్కసారికి అందదు. అక్కడ నవలల వివరం మీదే ఆధారపడటం మంచిది.

6. మిమ్మల్ని ఎరగని మనిషికి చూపించండి

స్నేహితులైతే మీ గురించి తమకు తెలిసినదంతా కలుపుకుని చదువుతారు. అంతగా పరిచయం లేనివాళ్లకు ఇచ్చి, "బాగుందా?" అని కాకుండా, "నన్ను కలిస్తే ఏం అడుగుతారు?" అని అడగండి. "ఎప్పుడైనా హంతకుణ్ణి సరిగ్గా పట్టుకున్నారా?" అంటే బయో పనిచేసినట్టే. "ఇంతకీ మీరు చేసే పనేమిటి?" అంటే మొదటి వాక్యం మసకగా ఉంది. "ఓహో, చాలా బాగుంది" అని ఊరుకుంటే మూడో అడుగుకు తిరిగి వెళ్లాలి.

హోదా కచ్చితంగా ఉండాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి. ఉద్యోగ దరఖాస్తు, వైద్యులు, న్యాయవాదులు, ఆడిటర్ల వృత్తిపరమైన పేజీలు అలాంటివి. అక్కడికి వచ్చేవాళ్లు ముందు అర్హత చూసుకోవాలనుకుంటారు, అది వాళ్ల హక్కు. అలాంటి చోట అర్హత, హోదా మొదటి వాక్యంలో సూటిగా చెప్పేసి, దాని వెనక పని నుంచి తీసుకున్న ఒక్క వివరం పెట్టండి. మన అకౌంటెంట్ పేజీలో అది 9తో భాగించే సంగతి అవుతుంది, డిటెక్టివ్ నవలలది కాదు.